పెళ్లి ఫొటోలో ఏది దిద్దుబాటు, ఏది దాచుబాటు?

ఫొటో స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చినవాళ్లు ఎన్ని కాపీలు కావాలో చెప్పి వెళ్లిపోతారు. సంబంధాల కోసం ఫొటో దిగినవాళ్లు మాత్రం కాసేపు ఆగుతారు. అమ్మాయి తల్లి కౌంటర్ మీదికి వంగి, "బాబూ, కాస్త రంగు తేల్చి ఇవ్వండి" అంటుంది. అబ్బాయి తండ్రి నోటితో చెప్పడు, కొడుకు నుదుటి పైభాగాన్ని కళ్లతోనే చూపిస్తాడు. ఫొటోగ్రాఫర్ కాదనడు. కంప్యూటర్ మీద ఐదు నిమిషాల పని. ఫోన్‌లో తీసిన ఫొటోకైతే ఆ ఐదు నిమిషాలూ అక్కర్లేదు, ఎవరూ అడగకుండానే ఫోన్ ఆ పని చేసిపెడుతుంది.

ఇలా అడిగేవన్నీ తప్పు కాదు. కొన్ని మార్పులు చేయకపోతేనే ఫొటో అబద్ధం చెబుతుంది. కొన్ని చేస్తే అవతలి కుటుంబం చూడబోయే మనిషి ఒకరు, చూసిన మనిషి ఇంకొకరు అవుతారు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలియాలంటే ముందు కెమెరా ఏం చేస్తుందో తెలియాలి.

కెమెరా చేసిన తప్పు, మనిషికి ఉన్న రూపం

ఒక ఫొటోను ఉదాహరణగా తీసుకుందాం. అమ్మాయికి ఇరవై ఏడేళ్లు, చామనఛాయ, గుండ్రటి ముఖం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఆదివారం సాయంత్రం ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని హాల్లో తెల్ల గోడ ముందు నిలబడింది. పైన ట్యూబ్‌లైటు. తమ్ముడు రెండడుగుల దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీశాడు. గడ్డం మీద ఆ వారం వచ్చిన రెండు మొటిమలున్నాయి, కళ్ల కింద కాస్త నలుపుంది, గోడ పక్కన బట్టలు ఆరేసిన తీగ కొస కనిపిస్తోంది. ఫొటో చూసి అమ్మాయి, "నేనింత దారుణంగా ఉన్నానా?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయముంది. ఆ ఫొటోలో కెమెరా చేసిన తప్పులు మూడున్నాయి.

మొదటిది లైటు. ట్యూబ్‌లైటు వెలుగులో చాలాసార్లు ఆకుపచ్చ ఛాయ కలిసి ఉంటుంది. మన కన్ను దాన్ని సర్దుకుంటుంది గానీ కెమెరా అన్నిసార్లూ సర్దుకోలేదు. దాంతో చర్మం పాలిపోయినట్టు, జబ్బుపడి లేచినట్టు కనిపిస్తుంది. దీన్ని సరిచేయడాన్ని ఫొటోగ్రాఫర్లు వైట్ బ్యాలెన్స్ అంటారు. ఫొటోలో కచ్చితంగా తెల్లగా ఉండాల్సిన వస్తువొకటి ఎంచుకుని, అది తెల్లగా కనిపించేదాకా మొత్తం ఫొటో రంగుల్ని జరుపుతారు. మన ఇళ్లలో ఆ వస్తువు జడలోనే ఉంటుంది. మల్లెపూలు పచ్చదనం పోయి తెల్లబడ్డాయంటే చర్మం కూడా తన అసలు రంగుకు వచ్చినట్టే.

రెండోది వెలుగు కొలత. కెమెరా తన ముందున్న దృశ్యమంతా సగటున ఒక మధ్యరకం బూడిద రంగంత వెలుతురులో ఉంటుందనుకుని లెక్క వేస్తుంది. ముందు పెద్ద తెల్ల గోడ ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని ఫొటో మొత్తాన్ని చీకటి చేస్తుంది. గోడ బూడిదగా మారుతుంది, చామనఛాయ ముఖం ఉన్నదానికన్నా రెండాకులు నల్లగా పడుతుంది. గోడ మళ్లీ తెల్లగోడలా కనిపించేదాకా ఫొటో మొత్తం వెలుగు పెంచితే ముఖం కూడా తనంతట తానే తేలుతుంది. ఇది రంగు పెంచడం కాదు, కెమెరా తగ్గించినదాన్ని తిరిగి ఇవ్వడం.

మూడోది దూరం. ఫోన్ కెమెరా ముఖానికి మరీ దగ్గరగా ఉంటే ముక్కు, బుగ్గలు పెద్దవిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా పడతాయి. సెల్ఫీ దూరంలో, అంటే ఒక అడుగు దూరంలో తీస్తే ముక్కు వెడల్పు ఐదడుగుల దూరం నుంచి తీసినదానికన్నా దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో అమెరికాలోని రట్గర్స్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లెక్కగట్టి చూపారు. దీనికి మందు ఎడిటింగ్‌లో ముక్కు సన్నం చేయడం కాదు. తమ్ముణ్ని ఐదారడుగుల వెనక్కి జరిగి, ఫోన్‌లో 2x నొక్కి మళ్లీ తీయమనాలి. అప్పుడు ముఖం ఎదుటివాళ్లు సోఫాలో కూర్చుని చూసినప్పుడు ఎలా ఉంటుందో అలా వస్తుంది.

లైటు, వెలుగు రెంటిలోనూ చేసిన మార్పు ఫొటో మొత్తానికి వర్తించింది. గోడ, చీర, పూలు, ముఖం అన్నీ కలిసి మారాయి. దిద్దుబాటును గుర్తించడానికి ఇదే మొదటి ఆనవాలు. తప్పు కెమెరాదైతే అది ఫొటో అంతటా పడుతుంది, దిద్దుబాటూ అంతటా జరుగుతుంది. గోడను, చీరను వదిలేసి చర్మాన్ని మాత్రమే, నడుమును మాత్రమే, జుట్టును మాత్రమే మారుస్తున్నారంటే అక్కడ ఆగి ఆలోచించాలి.

మొటిమ పోతుంది, పుట్టుమచ్చ ఉంటుంది

మనిషి మీద మాత్రమే చేసే మార్పులన్నీ మోసం కాదు. ఆ రెండు మొటిమలు పది పదిహేను రోజుల్లో పోతాయి. పెళ్లిచూపుల నాటికి అవి ఉండవు, ఆ ఫొటో మాత్రం ఆరు నెలలు పదిమంది ఫోన్లలో తిరుగుతుంది. వాటిని తీసేస్తే నష్టం లేదు. చెదిరిన కాటుక, నుదుటి మీద చెమట మెరుపు, ముఖం మీదికి ఎగిరిన నాలుగు వెంట్రుకలు, పక్కకు జరిగిన బొట్టు కూడా అంతే. ఇవి ఆ పూట సంగతులు.

పుట్టుమచ్చ ఆమెది. కాలిన మచ్చ, కుట్ల గుర్తు, బొల్లి, పళ్ల మధ్య సందు, మెల్లకన్ను కూడా మనిషితో ఉండేవే. వాటిని చెరిపేస్తే ఫొటోలో ఉన్నది ఇంకో మనిషి. బొల్లి లాంటివాటి విషయంలో ఇది మరీ ముఖ్యం. చాలా కుటుంబాలు వాటి గురించి విడిగా అడుగుతాయి, చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంటుంది. ఫొటోలో తుడిచేశాక నోటితో చెప్పడం ఇంకా కష్టమవుతుంది. తుడిచినవాళ్లు సాధారణంగా చెప్పకుండానే ఉండిపోతారు.

కళ్ల కింద నలుపు ఈ రెంటికీ మధ్యలో ఉంది. రాత్రి నిద్ర లేక వచ్చిందయితే ఆ పూటది, ఇంట్లో అందరికీ ఉన్న పోలికైతే మనిషిది. పనితనమున్న ఫొటోగ్రాఫర్ దాన్ని పూర్తిగా తీయడు. తీసేసిన పొరను అసలు ఫొటో మీద పెట్టి, ఆ పొర గాఢతను మూడో వంతుకో సగానికో తగ్గిస్తాడు. నలుపు పలచబడుతుంది గానీ కంటి కింద ముడత, చర్మపు గరుకు అక్కడే ఉంటాయి. ఇలా సగంలో ఆపడం తెలియనివాళ్ల చేతుల్లోనే ముఖం మైనపు బొమ్మవుతుంది.

ఇక బట్టల తీగ. అది నిక్షేపంగా తీసేయొచ్చు. సంబంధానికి వచ్చేవాళ్లు తీగ కోసం రారు.

ఇంతవరకూ చేసిన ఫొటో బాగుంది, నిజంగానూ ఉంది. ఇప్పుడు పెద్దమ్మ వచ్చి ఇంకో మూడు అడుగుతుంది: "ముఖం కొంచెం సన్నం చేయించండి, ఆ మచ్చ తీసేయించండి, ఇంకాస్త రంగు తేల్చండి." మచ్చ సంగతి చెప్పుకున్నాం. ముఖం సన్నం చేయడానికి లిక్విఫై అనే పనిముట్టు వాడతారు. దవడను రెండు వైపులా లోపలికి నెట్టేస్తుంది. కొన్ని చోట్ల ఇంకా తేలిక దారి తొక్కుతారు: ఫొటో మొత్తాన్ని నిలువుగా సాగదీస్తారు. ఐదు శాతం సాగదీస్తే చాలు, ఐదడుగుల రెండంగుళాల మనిషి ఐదడుగుల ఐదంగుళాల లెక్కకు వస్తుంది, సన్నగా కూడా కనిపిస్తుంది. ఇది ఫొటో మొత్తానికి చేసిన మార్పే కదా అనొచ్చు. కానీ కెమెరా మనిషిని పొట్టి చేయలేదు, అందుకని ఇక్కడ దిద్దడానికి తప్పేమీ లేదు. మార్పు ఫొటో అంతటా జరిగితే చాలదు, కెమెరా చేసిన తప్పును అది వెనక్కి తీసుకోవాలి.

రంగు దగ్గరే అసలు పేచీ

ఎక్కువమంది అడిగేది రంగు. గోడ, పూలు సరైన రంగుకు వచ్చాక కూడా "ఇంకాస్త" అంటే ఫొటోగ్రాఫర్‌కు దారి ఒకటే: చర్మాన్ని విడిగా ఎంచుకుని దాన్నొక్కదాన్నే తేల్చడం. ఫొటోల్లో ఏ రంగు మనిషి చర్మమైనా ఎక్కువగా నారింజ రంగు పట్టీలోకే వస్తుంది. ఆ పట్టీ వెలుగు పెంచి గాఢత తగ్గిస్తే చర్మం తెల్లబడుతుంది. చిక్కేమిటంటే బంగారమూ దాదాపు అదే పట్టీలో ఉంటుంది. అందుకే ఇలా తేల్చిన ఫొటోల్లో మెడలోని హారం నిమ్మపండు రంగుకో వెండి రంగుకో దిగుతుంది. నగల మెరుపు చచ్చిన ఫొటో చూస్తే తెలిసినవాళ్లు ముందు చర్మాన్నే అనుమానిస్తారు.

రంగు మీద ఈ పట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరికీ తెలియనిది కాదు. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్లలో చర్మం రంగును బట్టి వెతికే వీలు కొన్నేళ్ల పాటు ఉండేది. 2020లో అమెరికాలోని డల్లాస్‌లో ఉంటున్న ఒక భారతీయ మహిళ ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించాక షాదీ డాట్ కామ్ ఆ వీలును తీసేసింది. వెబ్‌సైటులో గడి పోయింది గానీ మధ్యవర్తి నోటి వెంట "పిల్ల రంగెలా ఉంటుంది?" అన్న ప్రశ్న పోలేదు. ఆ ప్రశ్నకు భయపడే తల్లి రంగు తేల్చమంటుంది. ఆమె భయం అర్థమవుతుంది. కానీ తేల్చిన ఫొటో ఆ ప్రశ్నను ఆపదు, ఫోన్‌లో అడగాల్సినదాన్ని హాల్లో అమ్మాయి ఎదుట మౌనంగా అడిగేలా చేస్తుంది.

పైగా చాలా ఇళ్లలో ఇదంతా అమ్మాయికి తెలియకుండానే జరుగుతుంది. తన ఫొటో ఎలా వెళ్లిందో ఆమెకు పెళ్లిచూపుల రోజు అబ్బాయి పక్కవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నప్పుడు గానీ అర్థం కాదు. అబ్బాయిల సంగతీ ఇంతే. కొడుకు బెంగళూరులో ఉంటాడు, ఫొటో విజయవాడలో మారుతుంది. ఎవరి ఫొటో పంపుతున్నారో ఆ మనిషికి చూపించి, వాళ్లు సరేనన్నాకే పంపడం కనీస మర్యాద.

అబ్బాయిల ఫొటోలు, వెనకాల కార్లు

అబ్బాయిల ఫొటోల్లో మూడు మార్పులు ఎక్కువ: జుట్టు, పొట్ట, వెనకాల కనిపించే దృశ్యం. తలకు రంగేసుకునే అలవాటున్న అబ్బాయి రంగేసుకునే ఫొటో దిగితే అందులో దాచిందేమీ లేదు, పెళ్లిచూపులకూ అలాగే వస్తాడు. రోజూ మేకప్ వేసుకునే అమ్మాయి సంగతీ అంతే. బట్టతల మీద కంప్యూటర్‌లో జుట్టు నాటడం మాత్రం వేరు, ఎందుకంటే ఆ జుట్టు ఇంటికి రాదు. కళ్లజోడు అద్దాల్లో లైటు మెరుపు తీసేయొచ్చు. ఎప్పుడూ కళ్లజోడు పెట్టుకునేవాడు తీసి ఒక ఫొటో దిగినా, పెట్టుకున్నది కూడా ఒకటి పంపాలి.

వెనక దృశ్యం మార్చడం హానిలేనిదిగా కనిపిస్తుంది. గోడ తీసి నీలం తెర పెడితే నిజంగానే హాని లేదు. కానీ వెనకాల ఎవరిదో డూప్లెక్స్ ఇల్లో, పెద్ద కారో, ఇంకా వీసా రాని అబ్బాయి వెనక శాన్ ఫ్రాన్సిస్కో వంతెనో పెడితే ఆ ఫొటో ఆస్తి గురించో ఉద్యోగం గురించో మాట్లాడుతోంది. బయోడేటాలో రాస్తే అబద్ధమయ్యేది ఫొటోలో పెట్టినా అబద్ధమే.

ఏమాత్రం ఎడిట్ చేయకుండా తప్పుదారి పట్టించే ఫొటోలూ ఉన్నాయి, అవే ఎక్కువ కూడా. ఐదేళ్ల కిందట, పదిహేను కిలోలు తక్కువున్నప్పుడు, నెత్తిన జుట్టు నిండుగా ఉన్నప్పుడు, అక్క పెళ్లిలో దిగిన ఫొటో అది. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. కానీ మొటిమ తీసేసిన కొత్త ఫొటో కన్నా అది చాలా దూరం వెళ్లిపోయింది. ఆరు నెలలు, మహా అయితే ఏడాది దాటిన ఫొటో పంపకూడదు. బరువో జుట్టో బాగా మారితే ఆ గడువు కూడా ఉండదు.

వచ్చిన ఫొటోను ఎలా చూడాలి

ఫొటో అందుకున్నవాళ్లు ముందు మనిషిని కాకుండా చుట్టూ ఉన్నవాటిని చూడాలి. నడుము నెట్టేసినప్పుడు దాని వెనకున్న గుమ్మం కమ్మీ, టైల్స్ గీతలు, చీర అంచు కూడా వంగుతాయి. నిటారుగా ఉండాల్సిన గీత నడుము దగ్గరే వంగితే ఎవరో అక్కడ పని చేశారని అర్థం. నిలువుగా సాగదీసిన ఫొటోలో గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. నుదుటి బొట్టు, గోడ గడియారం చూస్తే చాలు. చర్మం తేల్చిన ఫొటోలో ముఖానికి, చేతులకు, చెవులకు రంగు పొంతన కుదరదు. పనిచేసినవాళ్లు ముఖం మీదే దృష్టి పెడతారు, చేతి వేళ్లు మర్చిపోతారు.

ఇందులో పొరపాటు పడే చోటు కూడా ఒకటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, చర్మం మీది సన్న గరుకు తుడిచిపెట్టుకుపోతుంది. నాలుగు చేతులు మారిన ఫొటో ఏ ఎడిటింగూ లేకుండానే నునుపుగా కనిపిస్తుంది. నునుపును బట్టి మాత్రమే ఎవరినీ అనుమానించకూడదు. అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే కుదింపు లేకుండా వస్తుంది. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు బ్యూటీ మోడ్ ముందే ఆన్ చేసి ఉంటుంది. అది చర్మాన్ని నునుపు చేసి, కొన్నిటిలో కళ్లను పెద్దవి చేసి, దవడను సన్నం చేస్తుంది. పంపినవాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. వీడియో కాల్ దీనికి పూర్తి విరుగుడు కాదు. జూమ్ లాంటివాటిలో కూడా ముఖాన్ని నునుపు చేసే సదుపాయం ఉంది. వాటన్నిటికన్నా పనికొచ్చేది ఇంట్లో ఏదైనా వేడుకలో నలుగురితో కలిసి దిగిన ఫొటో. గుంపులో ఒక్కరినే మార్చడం కష్టం, ఎత్తు, రంగు పక్కవాళ్లతో పోల్చి తెలుస్తాయి. "ఇంట్లో అందరూ ఉన్న ఫొటో ఏదైనా ఉంటే పంపండి వదినగారూ, మావాళ్లకీ చూపిస్తాం" అని అడిగితే ఎవరికీ నొప్పి తగలదు.

అవతలివాళ్లు కారణం చెప్పరు

ఫొటోకు, మనిషికి పొంతన లేదని పెళ్లిచూపుల్లో ఎవరూ ముఖాన అనరు. కాఫీ తాగి, కులాసాగా మాట్లాడి, ఇంటికెళ్లి కబురు చెబుతామంటారు. నాలుగు రోజులయ్యాక మధ్యవర్తి ఫోన్ చేసి "జాతకాలు కుదరలేదటండీ" అంటాడు. జాతకాలు కుదిరాకే కదా వాళ్లు బయల్దేరి వచ్చింది! ఆ మాటతో పిల్ల ఇంటివాళ్లకు అసలు కారణం ఎప్పటికీ తెలియదు. అదే ఫొటో ఇంకో ఇంటికి వెళుతుంది, అదే కబురు మళ్లీ వస్తుంది. మన పిల్లకు సంబంధాలు రావడం లేదన్న బెంగ పెరుగుతుంది, ఆ బెంగతో ఫొటోను ఇంకాస్త దిద్దిస్తారు. నిజానికి ఆ అమ్మాయిని వద్దన్నవాళ్లలో కొందరు ఆమె ఉన్నట్టుగా పంపిన ఫొటో చూసి ఉంటే ఒప్పుకునేవాళ్లే. వాళ్లు వద్దనుకున్నది మనిషిని కాదు, "ఫొటోలోనే ఇంత చేసినవాళ్లు ఇంకేం దాచారో" అన్న అనుమానాన్ని. అమెరికా నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి ఐదారు సంబంధాలు చూసుకునే అబ్బాయి విషయంలో ఈ నష్టం ఇద్దరికీ ఇంకా బరువు.

చట్టం దాకా వెళ్లే సందర్భాలు వేరు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన సంగతి విషయంలో మోసం చేసి పెళ్లికి ఒప్పించారని రుజువైతే ఆ పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోగా కోర్టుకు వెళ్లాలి. ఫొటోలో రంగు పెంచారన్న ఒక్క కారణం అక్కడ నిలబడటం కష్టం, పెళ్లికి ముందు మనిషిని చూశారు కదా అన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి ఫొటో సంగతి కోర్టులో తేలేది కాదు, రెండిళ్ల మధ్య నమ్మకంలోనే తేలాలి.

స్టూడియోలో ఏం చెప్పాలి

స్టూడియోకి వెళ్లినప్పుడు "బాగా చేయండి" అని వదిలేస్తే ఆ "బాగా" ఎంతవరకో ఫొటోగ్రాఫరే నిర్ణయిస్తాడు. చెప్పాల్సింది విడమరిచి చెప్పాలి: రంగులు, వెలుగు ఫొటో మొత్తానికి సరిచేయండి, మొటిమలు, చెదిరిన వెంట్రుకలు తీయండి, కళ్ల కింద నలుపు సగం వరకే తగ్గించండి, మచ్చలు, ముఖం ఆకారం, నడుము, ఎత్తు, చర్మం రంగు ముట్టుకోవద్దు. పని అయ్యాక అసలు ఫొటో, దిద్దిన ఫొటో రెండూ తీసుకుని, మనిషిని పక్కన నిలబెట్టి పోల్చి చూడాలి. ఇంట్లోవాళ్ల కళ్లకన్నా ఆ మనిషిని అప్పుడప్పుడు మాత్రమే చూసే బంధువు కళ్లు ఇక్కడ మేలు. వాళ్లు "అచ్చం అలాగే ఉంది" అంటే చాలు. "భలే ఉందే!" అని ఆశ్చర్యపోతే మళ్లీ స్టూడియోకి వెళ్లాల్సిందే.

పంపేటప్పుడు దగ్గరగా తీసిన ముఖం ఫొటో ఒకటి, నిలువెత్తు ఫొటో ఒకటి, ఏ దిద్దుబాటూ లేని మామూలు రోజు ఫొటో ఒకటి, మూడూ పంపి, ఎప్పుడు దిగినవో కింద నెల, సంవత్సరం రాస్తే సరిపోతుంది. ఇప్పటికే ఎక్కువ దిద్దిన ఫొటో పదిమందికి వెళ్లిపోయి ఉంటే చేయాల్సిన పని ఒకటే. రాబోయే పెళ్లిచూపులకు ముందు, వాళ్లు బయల్దేరకముందే, కొత్త ఫొటో పంపి "ఇవి ఈ మధ్య దిగినవి, ఇవే చూడండి" అని ఒక మాట చెప్పాలి. ఆ ఫొటో చూసి ఆగిపోయేవాళ్లు ఇంటికొచ్చాక ఎలాగూ ఆగిపోతారు, తేడా ఒక్కటే, అమ్మాయి వాళ్ల ముందు కూర్చోనక్కర్లేదు.